మీటరు 180 అంటుంది, బల్బు ఒప్పుకోదు

కరెంటు పోయి ఇల్లు ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు, నాలుగైదు వందలకు దొరికే పసుపు రంగు మల్టీమీటరుతో ఎలక్ట్రీషియన్ ప్లగ్ పాయింటులో వోల్టేజీ చూస్తాడు. కొన్ని ఇళ్లలో అది 180 వోల్టులు చూపిస్తుంది. ‘ఇన్వర్టర్ వీకైంది, సర్వీసుకి ఇవ్వండి’ అని ఆయన తేల్చేస్తాడు. బ్యాటరీ బాగా దిగిపోయాక అదే మీటరుతో అదే పాయింటులో మళ్లీ చూస్తే 232 కనబడుతుంది. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ వోల్టేజీ పెరగడమేమిటో ఎవరికీ అంతుపట్టదు.

ఈ తగువులో సాక్షి ఒకటుంది. అదే లైనుకు తగిలించిన పాతకాలపు ఫిలమెంటు బల్బు. మీటరు 180 అన్నప్పుడూ, 232 అన్నప్పుడూ అది దాదాపు ఒకే తీరుగా వెలుగుతుంది. నిజంగా 180 వోల్టులే అందుతుంటే 230 వోల్టుల బల్బు ఇచ్చే వెలుగు సగానికి కిందికి పడిపోవాలి. ఫిలమెంటు వెలుగు వోల్టేజీతో సమానంగా కాదు, అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది కాబట్టి ఆ తేడా కంటికి తెలిసిపోతుంది. తెలియడం లేదంటే పొరపాటు మీటరు అంకెలోనే ఉండాలి. అలాగని మీటరు చెడిపోలేదు. అది చేయడానికి తయారైన పనిని సరిగ్గానే చేస్తోంది. చిక్కల్లా ఆ పని ఏమిటన్నదే.

ముందు 230 అనే అంకె సంగతి చూడాలి. మన ఇళ్లకు వచ్చే ఏసీ వోల్టేజీ ఏ క్షణంలోనూ 230 దగ్గర నిలిచి ఉండదు. సెకనుకు 50 సార్లు సున్నా నుంచి 325కి ఎక్కి, మళ్లీ సున్నాకు దిగి, అటువైపు మైనస్ 325దాకా పోయి వస్తుంది. ఒక్కో చుట్టుకు 20 మిల్లీసెకన్లు. పైభాగం ఎంతో కింది భాగం అంతే కనుక మామూలు సగటు తీస్తే సున్నా వస్తుంది. ఆ సున్నా మీదే బల్బు వెలుగుతోంది, నీళ్లు కాగుతున్నాయి. కాబట్టి ఆ సగటుతో పని జరగదు.

వేడి విషయంలో తీర్పు జేమ్స్ జూల్ 1841లోనే ప్రచురించాడు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని ఆయన ప్రయోగాలు చేసి చూపాడు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు. నిరోధం మారకపోతే కరెంటు వోల్టేజీని అనుసరిస్తుంది కాబట్టి వోల్టేజీకీ ఇదే లెక్క: P = V²/R. వర్గం తీస్తే మైనస్ గుర్తు పోతుంది కనుక కరెంటు ఎటు పారినా వేడి వేడే. మారుతూ ఉండే వోల్టేజీ ఇచ్చే సగటు పవర్ కావాలంటే, ప్రతి క్షణం వోల్టేజీకి వర్గం తీసి, ఒక చుట్టు మొత్తానికి ఆ వర్గాల సగటు కట్టి, నిరోధంతో భాగించాలి. వర్గాల సగటుకు వర్గమూలం తీస్తే తిరిగి వోల్టుల్లోకి వస్తాం. అదే ఆర్ఎంఎస్ విలువ. ఏసీ లైను ఇచ్చేంత వేడినే ఇవ్వాలంటే ఎన్ని వోల్టుల డీసీ పెట్టాలో ఆ అంకె చెబుతుంది. 325 శిఖరం ఉన్న సైన్ వేవ్‌కి అది 230. మీటర్ల మీదా, పరికరాల వెనక అతికించిన పట్టీల మీదా ఉండే 230 ఇదే.

వర్గం ముందా, సగటు ముందా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం కథ అక్కడే ఉంది. ఒక తీగలో ఎప్పుడూ 2 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. మరో తీగలో సగం సేపు 4 ఆంపియర్లు, మిగతా సగం సేపు ఏమీ లేదు. రెండింటి సగటూ 2 ఆంపియర్లే. వర్గాలు చూస్తే మొదటిదానికి 4, రెండోదానికి 16లో సగం, అంటే 8. అదే సగటు కరెంటుతో రెండో తీగ రెట్టింపు వేడెక్కుతుంది. హెచ్చుతగ్గులు ఎంత పదునుగా ఉంటే, సగటుకూ ఆర్ఎంఎస్‌కూ మధ్య దూరం అంత పెరుగుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో ఏసీ సరఫరా వ్యాపించే రోజుల్లో ఈ చిక్కు లేని మీటర్లు ఉండేవి. ఫిలిప్ కార్డ్యూ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు తయారుచేసిన వోల్టుమీటరులో సన్నని తీగ వేడికి సాగుతుంది, ఆ సాగుడే ముల్లును కదుపుతుంది. వేడినే కొలిచే పరికరం కనుక అలల ఆకారం ఏదైనా దానికి లెక్కలేదు. పాత ప్యానెల్ బోర్డుల మీద కనబడే మూవింగ్ ఐరన్ ముల్లు మీటర్లు కూడా కరెంటు వర్గానికే స్పందిస్తాయి. దుమ్ముపట్టిన ఆ మీటరు, ఈ ఒక్క విషయంలో, కొత్త డిజిటల్ మీటరుకంటే నిజాయితీగా ఉంటుంది.

చౌక డిజిటల్ మీటరు దారి వేరు. వర్గం తీసి సగటు కట్టే సర్క్యూటుకు ఖర్చవుతుంది. అందుకని అది వచ్చిన ఏసీని డయోడ్లతో ఒకవైపుకు మళ్లించి, మామూలు సగటు తీస్తుంది. 325 శిఖరం ఉన్న సైన్ వేవ్‌ని అలా ఒకవైపుకు తిప్పితే సగటు 207 వోల్టులు. కానీ తెర మీద 230 కనబడాలి. 230ని 207తో భాగిస్తే 1.11. కాబట్టి మీటరు తాను తీసిన సగటును 1.11తో హెచ్చించి చూపిస్తుంది. ఇంట్లోకి వచ్చేది ఎలాగూ సైన్ వేవే కదా అన్న నమ్మకం మీద ఈ హెచ్చింపు జరుగుతుంది. ఆ నమ్మకం నిలిచినంతసేపు అంకె నిజం.

మరీ చౌకరకం మీటర్లు ఇంకో డయోడు కూడా మిగుల్చుకుంటాయి. ఒకే డయోడుతో సగం అలను మాత్రమే తీసుకుని, 1.11కి బదులు దానికి రెట్టింపు 2.22తో హెచ్చిస్తాయి. చేతిలో ఉన్న మీటరు ఈ జాతిదో కాదో తెలుసుకోవడం తేలికే. ఏసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి 9 వోల్టుల బ్యాటరీని తాకించాలి. ఇది డీసీ కాబట్టి పద్ధతిగా ఉండే ఏసీ మీటరు సున్నా దగ్గర ఉండాలి. ఈ రకం మాత్రం ఇంచుమించు 20 చూపిస్తుంది, అంటే 9కి 2.22 రెట్లు. ప్రోబులు అటుదిటు మారిస్తే సున్నా అంటుంది.

ఇప్పుడు ఇన్వర్టర్ దగ్గరికి వద్దాం. మాడిఫైడ్ సైన్ వేవ్ పేరుతో అమ్మే రకాల్లో వోల్టేజీ మెల్లగా ఎక్కి దిగదు. ఒక్కసారిగా పైకి లేస్తుంది, కాసేపు నిలుస్తుంది, సున్నాకు పడుతుంది, కాసేపు అక్కడే ఉంటుంది, తర్వాత మైనస్ వైపు అదే పని చేస్తుంది. బ్యాటరీ నిండుగా 13.5 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు పైమెట్టు 325 వోల్టులు అనుకుందాం. ప్రతి 10 మిల్లీసెకన్ల అరచుట్టులో 5 మిల్లీసెకన్లు మెట్టు మీద, 5 మిల్లీసెకన్లు సున్నా మీద ఉంటుందనుకుందాం. 230 వోల్టుల లైను మీద 100 వాట్లు తీసుకునే హీటింగ్ కాయిల్‌ని దీనికి తగిలిస్తే ఏమవుతుంది? దాని నిరోధం 529 ఓములు. మెట్టు మీద ఉన్నంతసేపు 325 వర్గాన్ని 529తో భాగించాలి. దాదాపు 200 వాట్లు వస్తుంది. మిగతా సగం సేపు సున్నా. సగటు 100 వాట్లు. కాయిల్‌కి అందాల్సినంతా అందింది, ఆర్ఎంఎస్ సరిగ్గా 230.

మీటరు లెక్క చూడండి. సగం సేపు 325, సగం సేపు సున్నా కాబట్టి సగటు 162 చిల్లర. దాన్ని 1.11తో హెచ్చిస్తే 180. ఎలక్ట్రీషియన్ చూసిన అంకె ఇదే. దాన్ని నమ్మి పవర్ లెక్క కడితే 61 వాట్లే వస్తాయి. అసలు 100 వాట్లలో 39 వాట్లు కాగితం మీదే మాయమైనట్టు.

బ్యాటరీ దిగి 10.5 వోల్టులకు చేరిందనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు మారవు కాబట్టి పైమెట్టు కూడా అదే దామాషాలో తగ్గి 253 వోల్టులవుతుంది. ఊరుకుంటే లైట్లు మసకబారతాయి. అందుకే ఇన్వర్టర్‌లోని కంట్రోల్ సర్క్యూటు మెట్టు ఎత్తు తగ్గినకొద్దీ దాని వెడల్పు పెంచుతుంది. ఆర్ఎంఎస్ 230గానే ఉండాలంటే 10 మిల్లీసెకన్లలో 8.26 మిల్లీసెకన్లు మెట్టు నిలవాలి. ఆ సమయంలో కాయిల్ తీసుకునేది 121 వాట్లు, అందులో 82.6 శాతం అంటే మళ్లీ 100 వాట్లే. బల్బు వెలుగు ఎందుకు కదల్లేదో ఇప్పుడు అర్థమవుతుంది. మీటరు తీసే సగటు మాత్రం 253లో 82.6 శాతం, అంటే 209. దానికి 1.11 కలిస్తే 232. వేడి మారలేదు, ఆకారం మారింది. మీటరు ఆకారం మార్పును వోల్టేజీ పెరుగుదలగా చూపించింది. నిజం ఇన్వర్టర్లలో ట్రాన్స్‌ఫార్మర్, తీగల నష్టాల వల్ల ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి గానీ ధోరణి ఇదే.

మధ్యలో సున్నా విరామం లేని అసలైన స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లయితే తప్పు రెండోవైపుకు తిరుగుతుంది. అక్కడ వోల్టేజీ ఎప్పుడూ ప్లస్ మెట్టు మీదో మైనస్ మెట్టు మీదో ఉంటుంది కనుక శిఖరం, సగటు, ఆర్ఎంఎస్ మూడూ ఒకటే. 1.11తో హెచ్చించాల్సిన అవసరమే లేదు, అయినా మీటరు హెచ్చిస్తుంది. 230 ఉన్నచోట 255 చూపిస్తుంది. ఇది చదువుకునే అంకెతో ఆగిపోదు. రిపేరు బల్ల మీద ఆ మీటరు చూస్తూ, తెర మీద 230 వచ్చేదాకా లోపలి ప్రీసెట్‌ని తిప్పితే అసలు వోల్టేజీ 207 దగ్గర ఆగుతుంది. మన 100 వాట్ల కాయిల్‌కి 81 వాట్లే దక్కుతాయి. పనివాడు జాగ్రత్తగా చేసిన సర్దుబాటే ఇంటివాళ్లకు మసక లైటుగా మిగులుతుంది.

ఇలాంటిచోట ‘ట్రూ ఆర్ఎంఎస్’ అని రాసి ఉన్న మీటరు కావాలి. అది అలను సెకనుకు వేల సార్లు శాంపిల్ చేసి ప్రతిదానికీ వర్గం కట్టయినా, లేదా ఆ పని కోసమే చేసిన ఐసీ సాయంతోనైనా, అసలు నిర్వచనం ప్రకారమే విలువ తీస్తుంది. మన రెండు మాడిఫైడ్ అలలకూ అది 230 చుట్టుపక్కలే చూపిస్తుంది. అది దొరకనప్పుడు ఫిలమెంటు బల్బే పాత పద్ధతి సాక్షి. ఒకే వాటేజీ బల్బులు రెండు తెచ్చి, ఒకటి మెయిన్స్ మీద, ఇంకోటి ఇన్వర్టర్ మీద వెలిగించి పక్కపక్కన పెట్టి చూడాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. వాటిలో చాలావరకు లోపలి డ్రైవర్ వోల్టేజీ తేడాలను తానే సర్దుకుంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ఆర్ఎంఎస్ 230 సరిగ్గా ఉంటే, అలాంటి ఇన్వర్టర్ మీద ఫ్యాను ఎందుకు గుయ్యిమంటుంది? మెయిన్స్ మీద చప్పుడు లేకుండా తిరిగే ఫ్యాన్ కరెంటు పోగానే మూలగడం తెలుగు ఇళ్లలో చాలామంది విన్నదే. 2012 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గంటల తరబడి కోతలు పడిన రోజుల్లో అయితే అది రాత్రిళ్ల నేపథ్య సంగీతం.

జవాబు ఏమిటంటే, ఆర్ఎంఎస్ వేడికి సంబంధించిన అంకె. ఫ్యాను హీటరు కాదు. స్క్వేర్ వేవ్‌ని విడదీస్తే అందులో 50 హెర్ట్జ్ సైన్ వేవ్ ఒకటి, దానితోపాటు అందులో మూడో వంతు ఎత్తున 150 హెర్ట్జ్‌ది, ఐదో వంతు ఎత్తున 250 హెర్ట్జ్‌ది, అలా సన్నబడుతూ పోయే వరస ఒకటి ఉంటాయి. 230 వోల్టుల స్క్వేర్ వేవ్‌లో 50 హెర్ట్జ్ భాగం 207 వోల్టులు. మిగతావన్నీ కలిపితే 100 వోల్టులు. 207కి 100 కూడితే 307 కదా అనుకోకూడదు. ఆర్ఎంఎస్ విలువలు నేరుగా కలవవు, వాటి వర్గాలు కలుస్తాయి. 207 వర్గం, 100 వర్గం కూడితే 230 వర్గం. పవర్ పరంగా అయితే ఎలాంటి మెలికా లేదు: 100 వాట్ల కాయిల్‌లో 81 వాట్లు 50 హెర్ట్జ్ భాగం నుంచి, 19 వాట్లు మిగతావాటి నుంచి వస్తాయి.

కాయిల్‌కి ఆ 19 వాట్లు కూడా వేడే, పనికొస్తాయి. ఫ్యాను మోటారును ఉపయోగకరంగా తిప్పేది మాత్రం 50 హెర్ట్జ్ భాగం. మిగతాది దాని చుట్లను, ఇనుప రేకులను అదనంగా వేడి చేస్తుంది, కంపింపజేస్తుంది. ఆ గుయ్యిమనే చప్పుడు అదే. ఫోన్ చార్జరు మరో రకం. లోపలి కెపాసిటర్ అల శిఖరందాకా నిండుతుంది కనుక అది చూసేది శిఖరాన్ని. సైన్ వేవ్ మీద దానికి 325 దొరుకుతుంది, అదే ఆర్ఎంఎస్ ఉన్న స్క్వేర్ వేవ్ మీద 230 మాత్రమే. ఫోన్ చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల ఏసీ వరకు తట్టుకునేలా చేస్తారు కాబట్టి మనకు తేడా తెలియదు. లైను ఒకటే, వోల్టేజీ ఒకటే, కానీ హీటరుకు ఒక అంకె, ఫ్యానుకు ఒకటి, చార్జరుకు ఇంకొకటి.

ఇన్వర్టర్ పక్కన పెట్టి, టంకం పని చేసే బల్ల దగ్గరికి వెళితే ఇదే లెక్కకు ఇంకా చిత్రమైన రూపం కనబడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ని గంటల తరబడి ఆన్‌లో ఉంచితే మొన తొందరగా పాడవుతుంది. అందుకని దానికి వరసలో ఒక డయోడు, డయోడుకు అడ్డంగా ఒక స్విచ్చి పెట్టుకోవడం పాత చిట్కా. స్విచ్చి వేస్తే ఐరన్‌కి పూర్తి సరఫరా. తీస్తే కరెంటు డయోడు గుండా ఒకవైపుకే పారుతుంది, అలలో ఒక సగం తెగిపోతుంది. 1 ఆంపియర్, 1000 వోల్టుల రేటింగున్న 1N4007 ఈ పనికి సరిపోతుంది.

100 వాట్ల ఐరన్‌కి ఇప్పుడు ఎంత పవర్ అందుతుంది? చాలామంది వోల్టేజీ సగమై 115 అవుతుందంటారు. అలాగైతే వర్గం లెక్కన పవర్ నాలుగో వంతు, 25 వాట్లు కావాలి. అల ఎత్తు తగ్గలేదని వాళ్లు మరచిపోతున్నారు. ఉన్న సగంలో ఐరన్ ఎప్పటిలాగే వేడెక్కుతుంది, లేని సగంలో ఖాళీగా ఉంటుంది. కాబట్టి సగటు పవర్ సరిగ్గా సగం, 50 వాట్లు. అంత వేడినిచ్చే ఆర్ఎంఎస్ 162.6 వోల్టులు. (ఒక డయోడుకు బదులు నాలుగింటి బ్రిడ్జి పెట్టి కింది సగాన్ని కూడా పైకి తిప్పితే పవర్ ఏమీ తగ్గదు, ఆర్ఎంఎస్ 230గానే ఉంటుంది. వర్గానికి గుర్తుతో పనిలేదు కదా.)

మరి మీటరు పెట్టి ఆ 162.6ని చూడగలమా? డీసీ రేంజిలో పెడితే మామూలు సగటు వస్తుంది, 103.5. దాన్ని పట్టుకుని పవర్ కడితే 20 వాట్లు. ఒకే డయోడున్న చౌక మీటరును ఏసీ రేంజిలో పెడితే ఒకవైపు ప్రోబులకు 103.5ని 2.22తో హెచ్చించి నిక్షేపంలా 230 అంటుంది, డయోడే లేనట్టు. ప్రోబులు మారిస్తే సున్నా.

ఖరీదైన ట్రూ ఆర్ఎంఎస్ మీటరు తెచ్చి ఏసీ రేంజిలో పెడితే చాలావాటిలో 125 కనబడుతుంది. ఇదీ 162.6 కాదు. ఇక్కడ తెలిసినవాళ్లు కూడా తడబడతారు. ఆ మీటర్లలో ఎక్కువవాటికి ఏసీ రేంజిలో ముందే ఒక కెపాసిటర్ ఉంటుంది. అది డీసీ భాగాన్ని బయటే ఆపేసి, పైకీ కిందికీ ఊగే భాగాన్ని మాత్రమే లోపలికి పంపుతుంది. ఊగే భాగానికి ఆర్ఎంఎస్ 125.4 అన్నది నిజమే. కానీ ఐరన్‌లో వేడి పుట్టించేది అదొక్కటే కాదు. ఊగే భాగం నుంచి 30 వాట్లు, మీటరు బయట ఆపేసిన డీసీ భాగం నుంచి 20 వాట్లు, మొత్తం 50.

కాబట్టి అలాంటి మీటరుతోనే ఏసీ రేంజిలో ఒకసారి, డీసీ రేంజిలో ఒకసారి చదివి, రెండు అంకెల వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 125.4 వర్గం, 103.5 వర్గం కూడితే 26,400 పైచిలుకు. దాని వర్గమూలం 162.6. కొన్ని మీటర్లలో AC+DC అనే సెట్టింగు ఉంటుంది, అది ఈ కూడికను తానే చేసి పెడుతుంది.

ఈ డయోడు చిట్కా సోల్డరింగ్ ఐరన్ లాంటి వేడి పరికరాలకే. స్పీడు తగ్గిద్దామని ఫ్యానుకో, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పరికరానికో దీన్ని తగిలిస్తే ఆ డీసీ భాగం ఇనుప కోర్‌ని ఒకేవైపుకు అయస్కాంతీకరించి సంతృప్తం చేస్తుంది. చుట్ల అడ్డు పడిపోయి కరెంటు మితిమీరుతుంది. కొద్దిసేపట్లోనే వార్నిష్ మాడిన వాసన వస్తుంది.